లైన్ దాటింది కదా అని కొంటే మళ్ళీ కిందికే ఎందుకు పడింది?

ప్రశ్న: అన్నా నమస్తే. ఖమ్మంలో ప్రైవేట్ జాబ్ చేస్తున్నా, సాయంత్రాలు చార్టులు చూసి స్వింగ్ ట్రేడింగ్ చేస్తా. ఒక మిడ్‌క్యాప్ ఫార్మా షేర్ 640 నుంచి పడుతూ వచ్చింది, 24 రోజుల తర్వాత 604 దగ్గర, ఇంకో 16 రోజులకి 580 దగ్గర ఆగి మళ్ళీ పడింది. ఆ మూడూ కలిపి ట్రెండ్‌లైన్ గీశా. మరో 16 రోజులకి పొద్దున 11:20కి లైన్ దాటింది, వాల్యూమ్ కూడా బాగుంది, 562 దగ్గర 400 షేర్లు కొన్నా. 566 దాకా వెళ్ళి 551 దగ్గర క్లోజ్ అయింది. నాలుగు రోజుల్లో 531కి పడితే భయపడి 534కి అమ్మేశా. ఒక ట్రేడ్‌లో 5,000 మించి పోకూడదు అనుకునేవాణ్ణి, 11,200 పోయింది. అమ్మిన ఏడో రోజు అదే షేర్ 571 దగ్గర క్లోజ్ అయింది, ఇప్పుడు 579. నిజం బ్రేక్ ఏదో, మోసం బ్రేక్ ఏదో ముందే ఎలా తెలుస్తుంది? ఇప్పుడు ఎక్కొచ్చా?

సమాధానం: తమ్ముడూ, చార్ట్ స్క్రీన్‌షాట్లు పంపి మంచి పని చేశావు, లేకపోతే గాల్లో మాట్లాడుకోవాల్సి వచ్చేది. ముందే ఒక మాట చెప్పేస్తా, నేను సెబీ రిజిస్టర్డ్ అడ్వైజర్ని కాదు, ఈ షేర్ కొను, అమ్ము అని చెప్పను. నీ చార్ట్‌లో ఏం జరిగిందో మాత్రం రోజు రోజుగా విప్పి చూపిస్తా, ఎందుకంటే అదృష్టమో దురదృష్టమో కానీ ఒకే షేర్‌లో, ఒకే లైన్ మీద, పదిహేను రోజుల లోపే మోసం బ్రేక్, నిజం బ్రేక్ రెండూ పక్కపక్కనే వచ్చాయి. ఇంత మంచి ఉదాహరణ నేను వెతికినా దొరికేది కాదు.

లైన్‌తోనే మొదలుపెడదాం. 640ని సున్నా రోజు అనుకో. 24వ రోజుకి 604, అంటే 24 రోజుల్లో 36 రూపాయలు, రోజుకి రూపాయిన్నర. 40వ రోజుకి లెక్క ప్రకారం 580 రావాలి, సరిగ్గా అక్కడే తగిలి పడింది. కాబట్టి లైన్ బాగానే గీశావు, ఇద్దరు ముగ్గురు వేరువేరు మనుషులు గీసినా దాదాపు ఇలాగే వస్తుంది, అది ముఖ్యం, ఎందుకంటే నీకొక్కడికే కనిపించే లైన్ దగ్గర మార్కెట్ ఎందుకు ఆగుతుంది చెప్పు. నువ్వు కొన్నది 56వ రోజు. ఆ రోజు లైన్ ఎక్కడుంది? 640 − 1.5 × 56 = 556. నువ్వు కొన్నది 562. అంటే లైన్‌కి ఆరు రూపాయల పైన.

ఇప్పుడు అసలు ప్రశ్న, ఈ షేర్‌కి ఆరు రూపాయలు అంటే ఎంత? చార్ట్ కింద ఏటీఆర్ 14 పెట్టుకుని చూడు, 14 రూపాయల దగ్గర ఉంది. ఏటీఆర్ అంటే పెద్ద బ్రహ్మవిద్య ఏం కాదు, ఈ మధ్య రోజుల్లో సగటున ఈ షేర్ రోజుకి ఎంత ఊగుతుందో చెప్తుంది, నిన్న ముగిసిన రేటుకీ ఇవాళ తెరిచిన రేటుకీ మధ్య గ్యాప్ వస్తే దాన్ని కూడా కలుపుకుని. రోజూ 14 రూపాయలు అటూ ఇటూ ఊగే షేర్ లైన్‌కి ఆరు రూపాయలు పైకి వచ్చిందంటే అది దాని మామూలు ఊపులో సగం కూడా కాదు. పైగా నువ్వు క్యాండిల్ విక్స్ కొసలు, అంటే ఆ రోజుల హైలు కలిపి గీశావు, ఇంకొకడు క్లోజింగ్‌లు కలిపి గీస్తే వాడి లైన్ నీదానికంటే నాలుగైదు రూపాయలు కింద ఉంటుంది. లైన్ సన్నగా దారంలా గీస్తాం కానీ దాన్ని ఒక పట్టీలా చూడాలి, ఇక్కడ అటు ఏడు ఇటు ఏడు అనుకో. ఆ పట్టీ లోపల షేర్ తిరుగుతున్నంతసేపూ అది లైన్‌ని తాకుతున్నట్టే, దాటినట్టు కాదు. పాతకాలం వాళ్ళు మూడు శాతం దాటితేనే బ్రేక్ అనేవాళ్ళు, షేర్లకి అది ఒక్కోసారి పనికొస్తుంది కానీ నిఫ్టీకి అదే పెడితే 25,000 దగ్గర 750 పాయింట్లు అవుతుంది, అంతసేపు ఆగితే ఊరేగింపు వెళ్ళిపోయాక ఊదినట్టు ఉంటుంది. అందుకే శాతం కాకుండా ఆ షేర్ సొంత ఊపుతో కొలవడం నాకు నచ్చుతుంది. నేనైతే క్లోజింగ్ లైన్‌కి కనీసం సగం ఏటీఆర్ పైన ఉంటేనే నోట్‌బుక్‌లో బ్రేక్ అని రాసుకుంటా. ఇదేమీ శాస్త్రం కాదు, నా అలవాటు.

క్లోజింగ్ అన్నాను చూడు, నువ్వు జారింది అక్కడే. 11:20కి ఆ రోజు క్యాండిల్ ఇంకా పూర్తవలేదు, సగం వండిన అన్నం. 3:30కి చూస్తే ఆ రోజు ఓపెన్ 549, లో 548, హై 566, క్లోజ్ 551. లైన్ 556. అంటే డైలీ చార్ట్ లెక్కలో ఆ రోజు బ్రేకే జరగలేదు! నువ్వు మోసం బ్రేక్ అంటున్నావు కానీ రాత్రి ఏడింటికి చార్ట్ తెరిచిన వాడికి అక్కడ కనిపించేది లైన్ దగ్గరికి వచ్చి తలకొట్టుకుని వెనక్కి పడిన పొడవాటి పై విక్, అంతే. డైలీ చార్ట్ మీద గీసిన లైన్‌ని ఐదు నిమిషాల క్యాండిల్‌తో బ్రేక్ చేయించావు నువ్వు, ఈ తప్పు నేను కూడా మొదటి రెండేళ్ళు చేశా, పొద్దున 9:20కి గ్యాప్ అప్ చూడగానే చెయ్యి ఆగేది కాదు, మధ్యాహ్నం భోజనం చేసి వచ్చేసరికి షేర్ లైన్ కింద పడి ఉండేది.

సరే, అలా ఎందుకు వెనక్కి పడుతుంది, ఎవరో కావాలని మనల్ని ఇరికించారా అని నువ్వే కాదు చాలామంది అడుగుతారు, వాట్సాప్ గ్రూపుల్లో అయితే అన్నిటికీ ఆపరేటర్ అనే ఒకటే జవాబు. అంత కథ అక్కర్లేదు. 556 పైన ఎవరెవరి ఆర్డర్లు ఉంటాయో ఆలోచించు. పడే షేర్‌లో షార్ట్ చేసినవాళ్ళు, అంటే ముందే అమ్మేసి తర్వాత తక్కువకి కొందామనుకునేవాళ్ళు, స్టాప్‌లాస్ ఎక్కడ పెడతారు? లైన్ పైన. స్టాప్ కొట్టిందంటే అది కొనే ఆర్డర్. నీలాంటి బ్రేకవుట్ వాళ్ళు ట్రిగ్గర్ పెట్టుకునేది ఎక్కడ? అదీ లైన్ పైనే. అంటే 557 నుంచి 565 మధ్యలో కొనే ఆర్డర్లు మూట కట్టి పెట్టినట్టు ఉంటాయి. ఇంకోపక్క ఒక ఫండ్‌కి రెండు లక్షల షేర్లు అమ్మాల్సి ఉందనుకో, మామూలు రోజు అమ్మితే వాళ్ళ అమ్మకంతోనే రేటు పడిపోతుంది. ఇంతమంది ఒకేసారి కొనడానికి ఎగబడే చోటు వాళ్ళకి పండగ. వాళ్ళు మనల్ని చూసి ఏం ప్లాన్ చెయ్యరు, కొనేవాళ్ళు గుంపుగా ఉన్నచోట అమ్ముకుంటారు, కూరగాయల బండి రద్దీ ఉన్న సందులో ఆగినట్టు. స్టాపులు కొట్టేశాయి, బ్రేకవుట్ వాళ్ళు కొనేశారు, ఆ తర్వాత 566 దగ్గర కొత్తగా కొనేవాడెవడు? ఎవడూ లేడు. ఇంక రేటు జారడం మొదలవుతుంది, అప్పుడు 560 పైన కొన్న వాళ్ళంతా ఇరుక్కుని ఒక్కొక్కరే అమ్ముతారు, మోసం బ్రేక్ అంత వేగంగా కిందికి పడేది అందుకే. నువ్వు నాలుగు రోజుల తర్వాత 534కి అమ్మావు చూడు, ఆ పతనానికి ఆజ్యం పోసిన వాళ్ళలో నువ్వూ ఒకడివి, ఏమనుకోకు.

కట్ట మీద నీళ్ళు చూసే ఉంటావు. గాలికి ఒక అల లేచి చెరువు కట్ట మీద చిమ్ముతుంది, మళ్ళీ చెరువులోకే జారిపోతుంది. గండి పడితే అలా ఉండదు, అవతలి పొలాల్లోకి పారుతూనే ఉంటుంది, కట్ట మీద నిలబడ్డ వాడికి ఆ తేడా ఒక్క క్షణంలో తెలియదు, కాసేపు చూస్తే తెలుస్తుంది. మన పని కూడా ఆ కాసేపు ఎంతసేపు, ఏం చూడాలి అని తేల్చుకోవడమే.

నువ్వు వాల్యూమ్ బాగుందన్నావు. నిజమే, ఆ రోజు మొత్తం వాల్యూమ్ 20 రోజుల సగటుకి 1.9 రెట్లు. కానీ తమ్ముడూ వాల్యూమ్ ఒక్కటే చూస్తే అది ఎటైనా మాట్లాడుతుంది. ప్రతి షేర్‌కీ ఒకడు కొన్నాడు, ఒకడు అమ్మాడు, కాబట్టి కొనుగోళ్ళ వాల్యూమ్ అని విడిగా ఏదీ ఉండదు. చూడాల్సింది ఏంటంటే, అంత వాల్యూమ్ ఖర్చుపెట్టి రేటు ఎంత దూరం వెళ్ళింది, రోజు చివరికి ఎక్కడ నిలబడింది. ఆ రోజు 548 నుంచి 566 దాకా 18 రూపాయల దూరంలో తిరిగి 551 దగ్గర ముగిసింది, అంటే రోజు మొత్తం రేంజ్‌లో అడుగు నుంచి ఆరో వంతు ఎత్తులో. దాదాపు రెండింతల వాల్యూమ్ పెట్టి రెండు రూపాయలు సంపాదించింది. ఇంత కష్టానికి ఇంత ఫలితమా అంటే అవతల ఎవరో గట్టిగా అమ్ముతున్నారని అర్థం. వందేళ్ళ కిందటి వైకాఫ్ అనే అమెరికన్ ట్రేడర్ పద్ధతిలో దీనికి అప్‌థ్రస్ట్ అని పేరే ఉంది, అదే కింద సపోర్ట్ దగ్గర తిరగబడి జరిగితే స్ప్రింగ్ అంటారు. అంటే ఇది నిన్న మొన్న పుట్టిన మాయ ఏం కాదు.

పొద్దున 11:20కి వాల్యూమ్ బాగుందని ఎలా అనుకున్నావో కూడా ఒకసారి ఆలోచించు. మార్కెట్ తెరిచిన మొదటి గంటలో, చివరి అరగంటలో వాల్యూమ్ మామూలుగానే ఎక్కువ ఉంటుంది, మధ్యాహ్నం నీరసంగా ఉంటుంది. 11:20 దాకా అయిన వాల్యూమ్‌ని నిన్నటి, మొన్నటి 11:20 దాకా అయిన వాల్యూమ్‌తో పోల్చాలి. ఇంకోటి, ఎన్‌ఎస్‌ఈ సాయంత్రం డెలివరీ శాతం ఇస్తుంది, ఆ రోజు చేతులు మారిన షేర్లలో ఎన్ని ఇంట్రాడేలో తేలిపోకుండా నిజంగా డీమ్యాట్‌లకి వెళ్ళాయి అని. వాల్యూమ్ రెండింతలై డెలివరీ శాతం బాగా పడిపోయిందంటే పొద్దున కొని మధ్యాహ్నం అమ్మేసిన వాళ్ళే ఎక్కువ అన్నమాట. దాన్ని మరీ పట్టుకుని వేలాడకు, డెలివరీ ఎక్కువ ఉన్నా తీసుకున్నవాడు ఉన్నట్టే ఇచ్చినవాడూ ఉంటాడు, అనుమానం వచ్చినప్పుడు ఇంకో చూపు చూడడానికి మాత్రమే.

ఇప్పుడు ఎవరూ పెద్దగా పట్టించుకోని విషయానికి వస్తా, నిజం చెప్పాలంటే ఈ జవాబు రాయడానికి కూర్చుంది దీనికోసమే. నీ లైన్ కిందికి దిగే లైన్. రోజుకి రూపాయిన్నర దిగుతోంది. షేర్ ఏమీ చెయ్యకుండా ఒకేచోట పడుకున్నా కొన్నాళ్ళకి లైనే దాని మీదుగా కిందికి దిగిపోతుంది! నీ చార్ట్‌లోనే చూడు, 60వ రోజు 531 కొట్టాక నాలుగైదు రోజులు 531, 548 మధ్యలో అటూ ఇటూ తిరిగింది. 60వ రోజు లైన్ 550 దగ్గర ఉంది, 65వ రోజుకి 542.5కి దిగింది. ఆ రోజు క్లోజ్ 545. టెక్నికల్‌గా లైన్ దాటింది, స్కానర్ పెట్టుకున్న వాడికి బ్రేకవుట్ అని అలర్ట్ కూడా వచ్చి ఉంటుంది, కానీ ఆ రోజు వాల్యూమ్ సగటు కంటే తక్కువ, ఎవడూ పైకి లేపింది లేదు, కేవలం రోజులు గడిచాయి. దీన్ని నేను కాలం దాటించిన బ్రేక్ అంటా. పనికిరాదని కాదు, పతనం వేగం తగ్గిందని చెప్తుంది, అంతవరకే. కొనేవాళ్ళు గెలిచారని చెప్పదు.

అందుకే దిగే లైన్‌కి ఇంకో పరీక్ష కలపాలి, ఆఖరి స్వింగ్ హై దాటిందా లేదా అని. పడే షేర్ అంటే ఏంటి? లేచిన ప్రతిసారీ ముందుసారి కంటే కిందే ఆగిపోవడం, 640, 604, 580 ఇలా. ఈ వరస తెగిందని ఎప్పుడు చెప్పగలం? ముందు ఆగిన చోటుని దాటి క్లోజ్ అయినప్పుడు. నువ్వు కొన్న రోజు ఆఖరి స్వింగ్ హై 580. షేర్ 562 దగ్గర ఉంది. లైన్ దాటినట్టు కనిపించినా పతనం వరస చెక్కు చెదరకుండా అలాగే ఉంది, 566 దగ్గర ఆగిపోయి ఆ వరసలో ఇంకో మెట్టు కిందికి దిగింది అంతే. ఆ క్షణానికి కొత్త స్వింగ్ హై 566 అయింది. ఈ నంబర్ గుర్తుపెట్టుకో.

67వ రోజుకి వద్దాం. లైన్ 539.5కి దిగింది. ఓపెన్ 548, లో 547, హై 573, క్లోజ్ 571. నేను పైన చెప్పిందంతా ఇక్కడ పెట్టి చూడు. క్లోజ్ లైన్‌కి ముప్పై ఒకటిన్నర రూపాయల పైన ఉంది, అంటే రెండు ఏటీఆర్‌ల కంటే ఎక్కువ. ఆ రోజు రేంజ్ 26 రూపాయలు, మామూలు రోజుకి దాదాపు రెండింతలు, ముగిసింది మాత్రం పై కొసకి రెండు రూపాయల దిగువన. వాల్యూమ్ సగటుకి 2.3 రెట్లు, 56వ రోజు 1.9 రెట్లు కదా, పెద్ద తేడా లేదు చూశావా, వాల్యూమ్ నంబర్ మాత్రమే చూసేవాడికి రెండు రోజులూ ఒకేలా కనిపిస్తాయి. తేడా అంతా ఆ వాల్యూమ్‌తో ఏం సాధించింది అన్నదాంట్లో. అన్నిటికంటే ముఖ్యం, 566 దాటి క్లోజ్ అయింది. నువ్వు ఇరుక్కున్న రోజు అమ్మిన వాళ్ళు ఈసారి అదే రేటు దగ్గర ఆపలేకపోయారు, లేదా వాళ్ళ దగ్గర అమ్మడానికి సరుకు అయిపోయింది.

అయినా ఆ ఒక్క రోజుతో కథ తేలిపోయిందని నేను అనను. తర్వాతి మూడు నాలుగు రోజులు అసలు పరీక్ష. 68వ రోజు 576 దాకా వెళ్ళి 569 క్లోజ్, 69న 565, 70న లో 559 తగిలి 562 క్లోజ్, 71న 570, ఇప్పుడు 72వ రోజు 579. మధ్యలో రెండు రోజులు 566 కింద క్లోజ్ అయింది కదా, అది ఫెయిల్ కాదా అని అడుగుతావు. పుస్తకాల్లో బొమ్మలు లైన్‌ని ముద్దు పెట్టుకుని పైకి లేచినట్టు ఉంటాయి, నిజం చార్టులు అలా నీట్‌గా ఉండవు. నేను చూసేది రెండు. ఒకటి, బ్రేక్ అయిన పెద్ద క్యాండిల్‌లో సగం ఎక్కడుందో, ఇక్కడ 547, 573 మధ్య సగం అంటే 560, దాని కింద క్లోజ్ అయిందా? కాలేదు, లో మాత్రం 559 తగిలింది. రెండు, వెనక్కి దిగిన రోజుల్లో వాల్యూమ్ ఎంత? 69, 70 రోజుల్లో సగటులో 60 శాతం దగ్గర ఉంది. అంటే కొన్న వాళ్ళు అమ్మడం లేదు, కొత్త కొనుగోలుదారులు కాస్త ఊపిరి తీసుకుంటున్నారు. అదే 56వ రోజు తర్వాత చూడు, మర్నాడే 546 దగ్గర క్లోజ్ అయింది, వాల్యూమ్ సగటు కంటే ఎక్కువే. దిగేటప్పుడు బరువుగా దిగితే భయపడు, తేలిగ్గా దిగితే చూస్తూ ఉండు.

రేటు దాటిన చోటికి మళ్ళీ దిగి వచ్చే రీటెస్ట్ దాకా ఆగుతా అనే వాళ్ళకి ఒక చేదు నిజం, బాగా బలంగా పోయే బ్రేకులు చాలాసార్లు వెనక్కి తిరిగి చూడవు. ఆగినవాడికి మోసం బ్రేకులు తప్పుతాయి, కానీ కొన్ని మంచివి కూడా తప్పిపోతాయి, రెండూ ఒకే చేత్తో రావు. క్లోజింగ్ దాకా ఆగడానికి కూడా ఖరీదు ఉంది, నువ్వు 562కి కొన్న చోట ఆగినవాడు 571 కట్టాలి. ఆ తొమ్మిది రూపాయలు ఎందుకు కడుతున్నావంటే 56వ రోజు లాంటివి జరగకుండా, ఇన్సూరెన్స్ ప్రీమియం అనుకో.

ఇన్ని చూసినా తప్పే అవకాశం ఉంటుంది, దానికి అందరికీ గుర్తున్న సాక్ష్యం 2024 జూన్. మే 27న నిఫ్టీ 23,110.80 దగ్గర హై పెట్టి పడింది. జూన్ 1 శనివారం ఎగ్జిట్ పోల్స్ వచ్చాయి, సోమవారం 3న పెద్ద గ్యాప్‌తో తెరిచి ఒక్కరోజే మూడు శాతం పైన పెరిగి 23,263.90 దగ్గర క్లోజ్ అయింది. పాత హై దాటి క్లోజ్, నేను పైన చెప్పిన క్లోజింగ్ రూల్‌కి శుభ్రంగా పాస్. మర్నాడు ఓట్ల లెక్కింపు, 21,281.45 దాకా పడి 21,884.50 దగ్గర ముగిసింది. ఇంకా విచిత్రం, 7వ తేదీకల్లా మళ్ళీ 23,290 దగ్గర ఉంది. ఇక్కడ క్లోజింగ్ రూల్ తప్పని కాదు, మర్నాడు ఇంత పెద్ద విషయం తేలబోతోందని తెలిసీ ఈరోజు క్లోజింగ్‌ని నమ్మడం తప్పు. గ్యాప్‌తో దాటిన బ్రేక్ అయితే ఇంకా జాగ్రత్త, ఎందుకంటే లైన్ దగ్గర కొట్లాట జరగనే లేదు, గోడ ఎక్కకుండా హెలికాప్టర్‌లో దిగినట్టు. షేర్లలో అయితే రిజల్ట్స్ తేదీ చూసుకో, ఫార్మా కాబట్టి అమెరికా ఎఫ్‌డీఏ ఇన్‌స్పెక్షన్ వార్తలు కూడా, అవి చార్ట్‌లో ముందు కనిపించవు.

డబ్బుల సంగతి. నీకు 11,200 పోవడానికి మోసం బ్రేక్ ఒక్కటే కారణం కాదు, మోసం అని తెలిశాక కూడా నాలుగు రోజులు కూర్చున్నావు. ఆ రోజు సాయంత్రమే 551 చూసి, లైన్ లోపలికి వచ్చేసింది, నేను కొన్న కారణం పోయింది అని క్లోజింగ్ దగ్గర బయటికి వచ్చి ఉంటే షేర్‌కి 11 చొప్పున 4,400 పోయేది, నువ్వు పెట్టుకున్న 5,000 లోపే. మోసం బ్రేక్‌ని ప్రతిసారీ ముందే పట్టుకోవడం ఎవరి వల్లా కాదు, కానీ రెండు మూడు రోజుల్లో లైన్ లోపల క్లోజ్ అయితే తప్పు ఒప్పుకోవడం నీ చేతిలోనే ఉంది. చాలామంది అక్కడే ఇన్వెస్టర్ అయిపోతారు, కంపెనీ మంచిదే కదా అని.

షేర్ల సంఖ్య కూడా ముందు 400 అనుకుని తర్వాత స్టాప్ వెతక్కూడదు, తిరగేసి లెక్క వెయ్యి. 67వ రోజు క్లోజింగ్ దగ్గర 571కి కొన్నాడనుకో ఒకడు, స్టాప్ ఆ క్యాండిల్ లో అయిన 547 కింద, 545 దగ్గర. తేడా 26, 5,000ని దాంతో భాగిస్తే 192 షేర్లు. ఇంకొకడు వెనక్కి దిగి నిలబడడం చూసి 71వ రోజు 570కి కొన్నాడు, లో 559 కదా అని 557 దగ్గర స్టాప్ పెడితే తేడా 13, అది ఏటీఆర్ కంటే తక్కువ, షేర్ తుమ్మినా స్టాప్ కొట్టేస్తుంది. కాస్త వదులుగా 553 పెట్టుకుంటే తేడా 17, షేర్లు 294. రేటు దాదాపు ఒకటే, కానీ ఆగినవాడికి వంద షేర్లు ఎక్కువ వచ్చాయి, ఎందుకంటే తప్పయితే ఎక్కడ తెలుస్తుందో వాడికి దగ్గరలోనే కనిపిస్తోంది. గ్యాప్ డౌన్‌లో తెరిస్తే స్టాప్ రేటుకి అమ్ముడుపోదని కూడా గుర్తుంచుకో, 5,000 అనుకున్నది 7,000 అవ్వచ్చు.

ఇప్పుడు ఎక్కొచ్చా అన్నావు. 579 దగ్గర ఉంది. స్టాప్ 553 పెడితే తేడా మళ్ళీ 26, షేర్లు మళ్ళీ 192. పైన ఏముందో చూడు, 40వ రోజు తగిలి పడిన 580. అంటే సరిగ్గా గోడ కింద నిలబడి ఎక్కాలా అని అడుగుతున్నావు. అక్కడ కొని ఇరుక్కున్న వాళ్ళు నెలన్నరగా రేటు తిరిగి వస్తే చాలు, అసలు చేతికొస్తే అమ్మేద్దాం అని ఎదురుచూస్తూ ఉంటారు, నువ్వు కూడా 562 వస్తే అమ్మేద్దాం అని అనుకునే ఉంటావు కదా ఆ నాలుగు రోజులూ. నేనైతే 580కి పైన సగం ఏటీఆర్, అంటే 587 దగ్గర ఒక క్లోజింగ్ చూస్తా, లేదా 566 దగ్గరికి మళ్ళీ తేలిగ్గా దిగితే చూస్తా, ఈ రెండూ జరగకపోతే ఊరుకుంటా. 560 కింద బరువైన వాల్యూమ్‌తో క్లోజ్ అయితే మాత్రం పైన నేను నిజం బ్రేక్ అన్నది తప్పని రాయి, నోట్‌బుక్‌లో కొట్టేసుకుంటా.